ఏడు చోట్ల మిగిలిన పాస్‌వర్డ్

ఆఫీసులో అందరూ ఆమెని పెద్దక్క అనేవాళ్లు. ఆమెకి నలభై రెండేళ్లే. పెద్దరికం వచ్చింది వయసు వల్ల కాదు, కంపెనీలో మొదట చేరిన నలుగురిలో చివరికి మిగిలింది ఆమె ఒక్కతే కాబట్టి. వాళ్లు చేసేది బ్లడ్ బ్యాంకులకి కావలసిన సాఫ్ట్‌వేర్. తొమ్మిది ఆసుపత్రుల్లో ఎవరు రక్తం ఇచ్చారు, ఏ గ్రూపు, ఏ సంచి ఏ ఫ్రిజ్‌లో ఉంది, ఎవరికి ఎక్కించారు అన్నదంతా ఒకే డేటాబేస్‌లో ఉంటుంది. అందులోకి వెళ్లడానికి ఒకే యూజర్, ఒకే పాస్‌వర్డ్.

ఆ పాస్‌వర్డ్‌ని కోడ్‌లో రాసింది పెద్దక్కే. ఎనిమిదేళ్ల కిందట మొదటి ఆసుపత్రిలో పని మొదలయ్యే రోజున, డాక్టర్లు వెనకాలే నిలబడి గడియారాలు చూసుకుంటుంటే, చేతికొచ్చినట్టు రాసిపడేసింది. పైన ఒక ముక్క కూడా రాసింది: ‘తాత్కాలికం. తర్వాత తీసెయ్యాలి.’ ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాలేదు. కొత్త ప్రోగ్రాం రాసిన ప్రతివాళ్లూ పాతదాంట్లోంచి ఆ నాలుగు లైన్లూ ఎత్తి పెట్టుకున్నారు, ఆ ముక్కతో సహా. చూస్తుండగానే ముప్ఫై ఎనిమిది ప్రోగ్రాములయ్యాయి.

ఐదు నెలల కిందట ఆ మురికి కడగడానికి పూనుకున్నవాడు బాబాయ్. సర్వర్లు చూసుకునే ఆయన. ఎవరికీ నిజంగా బాబాయ్ కాదు గానీ, యాభై అయిదేళ్ల మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఆయన మొదటి మీటింగులోనే తేల్చి చెప్పాడు.

“పాస్‌వర్డ్ కోడ్‌లో ఉండకూడదు నాయనా. ఇకమీదట వాల్ట్‌లో ఉంటుంది. అది మన సొంత పెట్టె కాదు, మన క్లౌడ్ కంపెనీ నడిపేది. మన ప్రోగ్రాం లేవగానే వాల్ట్‌ని అడుగుతుంది. అడిగింది మన సర్వరేనా, దానికి అనుమతి ఉందా అని వాల్ట్ చూసుకుని అప్పుడిస్తుంది. ఎవరు ఎప్పుడు అడిగారో రాసి పెట్టుకుంటుంది. నెలకోసారి పాస్‌వర్డ్‌ని తనే మార్చేస్తుంది. మనలో ఎవరికీ అది తెలియక్కర్లేదు.”

“మరి మాకేదైనా అవసరమైతే?” అని ఎవరో అడిగారు.

“నీకు అవసరమైనప్పుడు నీ పేరు మీద నువ్వు వెళ్లు. అందరూ ఒకే ముసుగేసుకుని తిరగడం ఇక చాలు.”

దానికోసం డేటాబేస్‌లో కొత్త యూజర్ని పుట్టించారు. దాని పాస్‌వర్డ్ వాల్ట్‌లో తప్ప ఎక్కడా లేదు. ఒక్కో ప్రోగ్రాంనీ పాత యూజర్ నుంచి కొత్తదానికి మార్చుకుంటూ వచ్చారు. ముప్ఫై ఒకటి అయ్యాయి. ఏడు మిగిలాయి. ఆ ఏడూ అయ్యాక పాత యూజర్ని మూసెయ్యాలి.

మంగళవారం పొద్దున బాబాయ్ పెద్దక్క కుర్చీ దగ్గరికొచ్చి, “అమ్మా, మనకి తెలియకుండా ఇంకెక్కడైనా ఆ లైన్లు ఉన్నాయేమో ఓసారి జల్లెడ పట్టు. మన దగ్గరే కాదు, బయట కూడా చూడు” అన్నాడు. 

కంపెనీ కోడ్ అంతా వెతికింది. కొత్తవేమీ లేవు. ఆ తర్వాత, ప్రపంచంలో ఎవరైనా కోడ్ పెట్టుకునే ఆ పెద్ద సైటు తెరిచి, తమ డేటాబేస్ సర్వర్ పేరు కొట్టింది. పాస్‌వర్డ్‌ని అలాంటి చోట కొట్టడం తెలివితక్కువని ఆమెకి తెలుసు. సర్వర్ పేరు చాలు. ఏమీ రాదనే అనుకుంది.

ఒకటి వచ్చింది.

‘తాత్కాలికం. తర్వాత తీసెయ్యాలి.’ ఆమె రాసిన ముక్క, ఆమె మాటల్లోనే, ఎవరి కంటికైనా కనబడేలా వెలుగుతోంది. కిందే సర్వర్ పేరు, యూజర్, పాస్‌వర్డ్. ఆ ఫోల్డర్ ఎవరిదా అని పైన పేరు చూసింది. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు, పక్కన పుట్టిన సంవత్సరం. అది తన తమ్ముడిది.

తమ్ముడు ఆ ఆఫీసులోనే, రెండు వరసల అవతల, టెస్టింగ్ టీములో కూర్చుంటాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు. అంతకుముందు పనిచేసిన కంపెనీ మూతబడి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాడు. ఆ రెండేళ్లలో నవ్వడం మర్చిపోయాడు, గడ్డం గీసుకోవడం మర్చిపోయాడు. పెద్దక్కే మేనేజరు దగ్గరికెళ్లి, “నా పూచీ, ఒకసారి చూడండి” అని అడిగి చేర్పించింది. ఏడాదిన్నరైంది. మనిషి మళ్లీ మనిషయ్యాడు.

ఫోన్‌లో ‘మెట్ల దగ్గరికి రా’ అని పంపించి లేచింది. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య, పాత ప్రింటర్లు పడేసిన చోట ఇద్దరూ నిలబడ్డారు. ఆమె ఫోన్ తెరిచి చూపించింది.

“ఏంట్రా ఇది?”

వాడు చూశాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత మొహం తెల్లబోయింది. “ఇది... ఇది నా ఒక్కడికే కనబడేలా పెట్టానక్కా.”

“అందరికీ కనబడుతోంది. ఎప్పుడు పెట్టావ్?”

“పాపకి జ్వరం వచ్చిన వారం. సెలవు దొరకలేదుగా? ఇంటి దగ్గర్నుంచి టెస్టులు నడుపుదామని ఫోల్డర్ మొత్తం ఎక్కించాను. తొమ్మిది రోజులైంది.” వేళ్లమీద లెక్కపెట్టి మళ్లీ అన్నాడు, “తొమ్మిదే. నాది టెస్టింగ్ కోడ్ కదక్కా. అందులో అసలు పాస్‌వర్డ్ ఉంటుందని నాకేం తెలుసు?”

టెస్టింగ్ ఫోల్డర్లో అసలు పాస్‌వర్డ్ పెట్టింది కూడా ఎనిమిదేళ్ల కిందటి తనే.

“తీసెయ్యి. ఇప్పుడే.”

వాడు అక్కడే నిలబడి తన ఫోన్‌లోంచి తీసేశాడు. ఆమె మళ్లీ వెతికింది. లేదు. వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. “పోయింది కదా?”

పోలేదని ఆమెకి తెలుసు. అలాంటి సైట్లలో కొత్తగా ఏం పడుతుందా అని కాచుకుని ఉండే ప్రోగ్రాములుంటాయి. పాస్‌వర్డ్ లాంటిది కనబడితే నిమిషాల్లో ఎత్తుకుపోతాయి. వీళ్లది తొమ్మిది రోజులుంది. కాగితం చింపేస్తే దాన్ని చదివినవాడు మర్చిపోడు. చెయ్యాల్సింది ఒక్కటే, ఆ పాస్‌వర్డ్‌ని పనికిరాకుండా చెయ్యడం. అంటే పాత యూజర్ని ఈ క్షణమే మూసెయ్యడం. అంటే ఎందుకో చెప్పడం.

“అక్కా, చెప్పకే. నన్ను తీసేస్తారు. మళ్లీ ఆ ఇంట్లో, ఆ కుర్చీలో... నావల్ల కాదు.”

ఆమె మెట్లు దిగింది.

కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆలోచించింది. చివరికి ఓ ఉపాయం తట్టింది. తమ్ముడి ఊసెత్తకుండా ఆ పాస్‌వర్డ్‌ని చంపే దారి. బాబాయ్ బల్ల దగ్గరికెళ్లి, ఏదో మామూలు మాటలా అంది.

“బాబాయ్, పాత యూజర్ని ఈరోజే మూసేస్తే?”

ఆయన కళ్లజోడు పైకి నెట్టాడు. “ఇంకా ఏడున్నాయి కదమ్మా. అందులో రక్తం సంచుల మీద అంటించే లేబుళ్లు అచ్చేసేది ఉంది. అది ఆగితే ఏ ఆసుపత్రిలోనూ సంచి బ్లడ్ బ్యాంకు కిటికీ దాటి బయటికి రాదు. ఆ ఏడింట్లోనే రెండు, రక్త సేకరణ కేంద్రాల్లో నడిచేవి, బయటి నుంచి నేరుగా మన డేటాబేస్‌కే వస్తున్నాయి. వాళ్ల ఇంటర్నెట్ అడ్రసు రోజుకోటి మారుతుందని మనం తలుపు లోకానికంతా బార్లా తెరిచిపెట్టాం. ముందు అవి మార్చాలి. పదిహేను రోజులు పడుతుంది. తొందరేమొచ్చింది?”

“ఊరికే. త్వరగా అయిపోతే బాగుంటుందని.”

“అయిపోతుందిలే. ఎనిమిదేళ్లు ఆగినవాళ్లం, పదిహేను రోజులు ఆగలేమా?” అని నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు మొహం మీదే గడ్డకట్టుకుపోయింది.

మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవలేదు. మిగిలిన ఏడింటిలో ఒకదాన్నైనా మార్చేద్దామని కూర్చుంది. మొదటిదాంట్లో ఆ నాలుగు లైన్లూ తీసేసి, వాల్ట్‌ని అడిగే రెండు లైన్లు రాసింది. అది నడిచే సర్వర్‌కి వాల్ట్‌లో అనుమతి ఇవ్వాలంటే మళ్లీ బాబాయ్ సంతకం కావాలి. ‘పొద్దున అడిగావు, మళ్లీ ఇప్పుడా? ఇంత తొందరేంటమ్మా’ అంటాడేమోనని అడగలేదు. స్క్రీన్ చూస్తూ కూర్చుంది. మూడు దాటింది. అవతలి వరసలోంచి తమ్ముడు మాటిమాటికీ తల తిప్పి చూస్తున్నాడు. చూసినప్పుడల్లా ఆమె మొహం తిప్పుకుంది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి కింద వాటాలో దీపాలు వెలుగుతున్నాయి. కింద తమ్ముడి కుటుంబం, వాళ్లతో అమ్మ. పైన పెద్దక్క. గుమ్మంలో పాపని చంకనేసుకుని అమ్మ నిలబడి ఉంది.

“ఏమే, మొహం అలా పీక్కుపోయిందేం? వాడూ అలాగే వచ్చాడు. ఇద్దరూ ఒకే ఆఫీసులో ఒకే దెబ్బ తిన్నట్టున్నారు” అని నవ్వింది. “నువ్వున్నావన్న ధైర్యంతోనే వాణ్ణి పంపిస్తున్నానమ్మా. వాడికి ఏదైనా అయితే నువ్వు చూసుకుంటావు కదా.”

“చూసుకుంటాలే అమ్మా.”

లోపల తమ్ముడు పాప బొమ్మలు ఏరి బుట్టలో వేస్తున్నాడు. తలెత్తలేదు. ఆమె మెట్లెక్కి తన గదిలోకెళ్లి, చెప్పులు కూడా విడవకుండా మంచం మీద కూర్చుంది. చెబితే తమ్ముడు పోతాడు. చెప్పకపోతే ఆ తొమ్మిది ఆసుపత్రుల తలుపు తెరిచే ఉంటుంది. ఎవడో ఒకడు ఎత్తుకుపోయి ఉండాలని ఏముంది? తొమ్మిది రోజుల్లో ఏమీ జరగలేదు కదా? అలా తనకి తానే నచ్చజెప్పుకుంది. పదిహేను రోజులే. రోజుకొకటి మారుస్తే వారమే. అలా గుణించుకుంటూ ఉంటే భయం కాస్త తగ్గినట్టే అనిపించింది.

బుధవారం పొద్దున ఆఫీసులో అడుగుపెట్టేసరికి బాబాయ్ మేనేజరు గదిలో ఉన్నాడు. అద్దం తలుపులోంచి ఆమెని చూసి చేత్తో రమ్మన్నాడు. మేనేజరు బల్ల మీద రెండు కాగితాలు పరిచి ఉన్నాయి.

“కూర్చోమ్మా” అన్నాడు బాబాయ్. గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. “నిన్న నువ్వు అడిగావు కదా, తొందరగా మూసేద్దామని. సరే, ఆ పాత యూజర్ మీద ఎవరెవరు వస్తున్నారో చూద్దామని పొద్దున్నే లాగ్ తీశాను. ఈ అడ్రసు చూడు. మనది కాదు, ఆ రెండు కేంద్రాలదీ కాదు. శనివారం ఒకసారి వచ్చింది, రెండు నిమిషాలు. సోమవారం మళ్లీ, ఏ టేబుల్లో ఏముందో చూసుకుంది. నిన్న మధ్యాహ్నం మూడూ పదికి వచ్చింది. దాతల టేబుల్ మొత్తం చదువుకుని పోయింది.”

“మొత్తమా?” అంది ఆమె.

“అరవై ఒక్క వేల మంది. పేర్లు, ఫోన్లు, రక్తం గ్రూపు. ఇంకో కాలమ్ ఉంది కదా, ఎవరి రక్తం ఏ జబ్బు వల్ల పారబోశామో రాసేది. అది కూడా.”

మూడూ పది. ఆ సమయానికి తను కుర్చీలో కూర్చుని స్క్రీన్ చూస్తోంది. శనివారం, సోమవారం వచ్చినవాడు చూసి వెళ్లాడంతే. నిన్న పొద్దున పదకొండింటికి తను నోరు తెరిచి ఉంటే మూడింటికి వాడికి తలుపు దొరికేది కాదు. తన రక్తంలో ఫలానా జబ్బు ఉందని భార్యకి కూడా చెప్పుకోని మనిషి ఎక్కడో ఉంటాడు. వాడి పేరు ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాడి చేతిలో ఉంది.

మేనేజరు, యాభై దాటిన మనిషి, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఆలోచిస్తున్నాడు. “ఇది ఖచ్చితంగా మన దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసినాయన పనే. పోయిన నెల గొడవపడి వెళ్లాడు కదా? అతనికి ఈ పాస్‌వర్డ్ తెలుసు.”

“ఇక్కడ పనిచేసిన ప్రతివాడికీ తెలుసు సార్. అదే కదా మన గోల” అన్నాడు బాబాయ్.

“గొడవపడింది అతనొక్కడే. లాయర్‌కి ఫోన్ చేస్తున్నా. పోలీసులకి అతని పేరే ఇద్దాం.” మేనేజరు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

ఆ కాంట్రాక్టు ఆయన పెద్దక్కకి తెలుసు. ముక్కుసూటి మనిషి, ఎవరితోనైనా పేచీ పెట్టుకుంటాడు. పాస్‌వర్డ్ కోడ్‌లో ఉంచడం తప్పని మొదట గొడవ చేసింది కూడా అతనే. అప్పట్లో, “మాకు తెలుసు లెండి” అని అతని నోరు మూయించింది తను.

ఒక్క నిమిషం ఏమీ అనకుండా కూర్చుంటే చాలు. అంతా దానంతటదే ఇంకొకడి నెత్తిన పడిపోతుంది. తమ్ముడు బయటపడతాడు, తను బయటపడుతుంది. ఆ నిమిషం ఎంత సులువుగా ఎదురుగా నిలబడిందో చూసి ఆమెకే భయం వేసింది.

“ఫోన్ చెయ్యకండి సార్” అంది. “అతను కాదు.”

ఇద్దరూ చూశారు.

“ఆ పాస్‌వర్డ్ బయటికెళ్లింది మా తమ్ముడి ఫోల్డర్‌లోంచి. ఇంటి దగ్గర పని చేసుకోవాలని ఎక్కించాడు. అందరికీ కనబడుతోందని వాడికి తెలీదు. నిన్న పదకొండింటికి నేను చూశాను. చూసి, వాడిచేత తీయించి, మీకు చెప్పలేదు.”



“నిన్న పదకొండింటికా?” అన్నాడు బాబాయ్ మెల్లగా. ఆయన లెక్క కట్టుకోవడం ఆమెకి కనబడింది. పదకొండు, మూడూ పది. ఆయన ఏమీ తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

మేనేజరు ఫోన్ బల్ల మీద పెట్టాడు. “మీ ఇద్దరి సంగతీ తర్వాత. ముందు ఏం చెయ్యాలి?”

“మూసెయ్యాలి” అన్నారు ఆమె, బాబాయ్ ఒకేసారి.

“ఆసుపత్రులు?”

అందరూ భయపడింది దానికే. ఎనిమిదేళ్లుగా ఆ పాస్‌వర్డ్‌ని ఎవరూ ముట్టుకోకపోవడానికి కారణం కూడా అదే. పెద్దక్క అన్నిటికన్నా పెద్ద ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్ చూసే డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ కోపిష్టి అని పేరు. లేబుళ్లు అచ్చవడం కొన్ని గంటలు ఆగుతుందని, కారణం ఇదీ అని, ఏదీ దాచకుండా చెప్పింది.



“మా దాతల జబ్బుల వివరాలు కూడా పోయాయా?”

“పోయాయి డాక్టరుగారూ.”

“దాని గురించి నేను మీతో విడిగా మాట్లాడతాను, రాతపూర్వకంగా. ఇక లేబుళ్లంటారా, చేత్తో రాస్తాం. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తామనుకున్నారు? రిజిస్టర్లున్నాయి, మనుషులున్నారు. ఇద్దరు రాసి ఇద్దరు సరిచూస్తారు. ఎన్నింటికి ఆపుతున్నారో చెప్పండి, ఎన్నింటికి వస్తుందో చెప్పండి. చెప్పకుండా మాత్రం ఆపకండి.”

ఎనిమిదేళ్లుగా కొండంత అనుకున్నది ఆవిడ నాలుగు మాటల్లో తేల్చేసింది. అడిగి ఉంటే ఏ రోజైనా ఇదే చెప్పేది. ఎవరూ అడగలేదు.

మిగతా ఎనిమిది ఆసుపత్రులకీ, ఆ రెండు కేంద్రాలకీ ఫోన్లు అయ్యాయి. పదకొండూ నలభైకి బాబాయ్ పాత యూజర్ని మూసేశాడు.

“మూసేస్తే సరిపోదు. లోపల ఇప్పటికే కూర్చున్నవాళ్లు కూర్చునే ఉంటారు” అంటూ ఆ యూజర్ మీద తెరిచి ఉన్న కనెక్షన్లన్నీ ఒక్కొక్కటే తెంపాడు. తర్వాత బయటికి తెరిచి ఉన్న తలుపు వేసేశాడు. ఏడు ప్రోగ్రాములూ స్క్రీన్ మీద ఎర్రబారాయి.

అక్కణ్ణుంచి ఒక్కటే పని. బాబాయ్ సర్వర్లకి అనుమతులిస్తుంటే, ఆమె ఒక్కో ప్రోగ్రాంలోంచీ ఆ నాలుగు లైన్లు తీసి వాల్ట్‌ని అడిగేలా మారుస్తూ పోయింది. పక్కనుంచి ఇంకో ఇద్దరు సరిచూశారు. తమ్ముణ్ణి అప్పటికే మేనేజరు గదిలోకి పిలిచారు. ఆ తలుపు వైపు చూడకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది, అయినా చూసింది. వాడు చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా తల వంచుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటన్నరకి లేబుళ్లది లేచింది. లాగ్‌లో వాల్ట్ నుంచి చిన్న వరుస వచ్చింది: ఫలానా సర్వర్ అడిగింది, ఇచ్చాం. రెండింటికి డేటాబేస్ లాగ్ చూస్తూ బాబాయ్ ఉలిక్కిపడ్డాడు.

“పాత యూజర్ మీద ఎవడో వస్తున్నాడు. డేటాబేస్ తిప్పికొట్టింది. మళ్లీ వస్తున్నాడు.”

అందరూ చుట్టూ మూగారు. అడ్రసు చూశారు. అది తమ సర్వరే. గడువు దగ్గరపడ్డ రక్తం సంచుల జాబితా తీసి పంపే ప్రోగ్రాం, వారానికోసారి, బుధవారం రెండింటికి మాత్రమే నిద్రలేస్తుంది. దాన్ని రాసినాయన మానేసి నాలుగేళ్లైంది. కోడ్ కంపెనీ దగ్గర ఉండాల్సిన చోట లేదు, ఆ సర్వర్ మీదే ఓ మూల పడి ఉంది. అందుకే ఆమె వెతుకులాటకి దొరకలేదు. ఎనిమిదోది. అది కూడా మార్చింది.

మూడూ ఇరవైకి ఆ పరాయి అడ్రసు మళ్లీ వచ్చి బయటి తలుపు తట్టింది. తెరుచుకోలేదు. ఇంకో రెండుసార్లు తట్టి పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాబాయ్, “నిన్న ఈపాటికి...” అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ఆపేశాడు.

సాయంత్రానికి అయిదు ప్రోగ్రాములూ ఆ ఎనిమిదోదీ నడిచాయి. రెండు సేకరణ కేంద్రాలు మాత్రం ఇంకో పది రోజులు కాగితాల మీదే పని చేశాయి. వాళ్ల కంప్యూటర్లకి ఇక ఏ పాస్‌వర్డూ ఇవ్వకుండా, కంపెనీ సర్వర్ ద్వారానే వెళ్లేలా కొత్తది రాసిచ్చేదాకా.

మర్నాడు తమ్ముణ్ణి తీసేశారు. పెద్దక్కని తియ్యలేదు. టీము పెత్తనం ఇంకొకరికిచ్చి, ఆమె ఫైల్లో ఓ కాగితం పెట్టారు. అరవై ఒక్క వేల మందికి జరిగింది చెబుతూ ఆసుపత్రుల పేరు మీద ఉత్తరాలు వెళ్లాలి. ఆ ఉత్తరం మొదటి ప్రతి రాసే పని ఆమెకే అప్పజెప్పారు. మూడు రోజులు రాసింది. ‘మీ వివరాలు’ అన్న మాట దగ్గర ప్రతిసారీ చెయ్యి ఆగిపోయేది. జవాబుగా వచ్చిన ఫోన్లలో ఒకటి ఆమే ఎత్తింది. ఓ ఆడమనిషి, “మా ఇంట్లో ఎవరికైనా తెలుస్తుందా అమ్మా?” అని ఒక్కటే అడిగింది. తెలియదని చెప్పలేకపోయింది, తెలుస్తుందని చెప్పలేకపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆవిడ ఏడుపు ఆగేదాకా లైన్లోనే ఉంది.

ఆమె రాజీనామా రాసి మేనేజరుకి ఇచ్చింది. ఆయన చదవకుండానే వెనక్కి తోశాడు. “ఇందులో ఏది ఎక్కడుందో తెలిసింది మీ ఒక్కరికే. అదంతా రాసిపెట్టండి, ఇంకొకరికి అప్పగించండి. అప్పుడు చూద్దాం.” ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, “ఏడాది” అన్నాడు.

ఇంట్లో కింద వాటా తలుపు ఆమె వచ్చే వేళకి మూసి ఉండేది. అమ్మ పలకరించేది గానీ, కళ్లలోకి చూసేది కాదు. మూడో వారంలో ఓ ఆదివారం పొద్దున, తమ్ముడే మెట్లెక్కి వచ్చాడు. గడ్డం గీసుకుని ఉన్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

“నామీద చెప్పావని నాకు కోపం లేదక్కా. ఆ కాంట్రాక్టు ఆయన్ని ఇరికిస్తే నేనూ ఊరుకునేవాణ్ణి కాదేమో. నాకు తెలీదు.” తలుపుకి ఆనుకున్నాడు. “ఒక్కటే. కోడ్‌లో రాసింది నువ్వు, బయట పెట్టింది నేను, దాచింది ఇద్దరం. నువ్వు లేకపోతే వాళ్లకి నడవదు, నేను లేకపోయినా నడుస్తుంది. తేడా అదొక్కటే.”

“అవున్రా” అంది ఆమె. “అదొక్కటే.”

ఏదో ఒకటి వాదిస్తుందని వచ్చినట్టున్నాడు. వాదించకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలోంచి కింద పాప ఎవరితోనో పోట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది.

“మంగళవారం ఒకచోట ఇంటర్వ్యూ ఉంది” అన్నాడు. “పాత ఉద్యోగం ఎందుకు మానేశావని అడుగుతారు.”

“అడుగుతారు.”

“ఏం చెప్పమంటావ్?”

“జరిగింది చెప్పు.”

“చెబితే ఇస్తారా?”

“తెలీదురా.”

వాడు చిన్నగా నవ్వాడు, అందులో సంతోషమేమీ లేదు. “నీకు కూడా తెలీదన్నమాట.” చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు నేల చూశాడు. తర్వాత తలెత్తాడు. “సరే, నువ్వే అడుగు. ఎవరో కొత్తవాళ్లు అడిగినట్టు అడుగు. ఒకసారి గట్టిగా చెప్పి చూస్తాను.”

ఆమె కుర్చీ ఎదురుగా జరుపుకుని కూర్చుంది. గొంతు సవరించుకుంది.

“ఇంతకుముందు ఉద్యోగం ఎందుకు మానేశారండీ?”

వాడు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి మొదలుపెట్టాడు.